కేస్ స్టడీలో ఆ అంకె మీదా, ఎండదా?

ఈ ఎపిసోడ్‌లో ఒకే ఒక్క పని పెట్టుకుందాం. ఒక మిల్లుకి కన్సల్టింగ్ చేశారు, పని అయింది, ఓనరు గారు సంతోషంగానే ఉన్నారు. ఇప్పుడు దాన్ని రెండు పేజీల కేస్ స్టడీగా రాయాలి. ఏది ముందు రాయాలి, ఏది ఎంతవరకు రాయాలి, ఎక్కడ చెయ్యి ఆపాలి, అది చూద్దాం.

ఉదాహరణ మన చిలకలూరిపేట నుంచే తీసుకుంటాను. హైవే మీద అటూ ఇటూ తిరిగితే గిన్నింగ్ మిల్లులు, గణపవరం వైపు వెళ్తే స్పిన్నింగ్ మిల్లులు, మనకి వెతుక్కునే పని లేదు. అయితే ముందే చెప్తున్నా, ఇప్పుడు నేను చెప్పే మిల్లు ఊహించుకున్నది. అందులో అంకెలు కూడా లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్నవే. లెక్క పద్ధతి మాత్రం నిజం.

గిన్నింగ్ మిల్లు పని తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. రైతు తెచ్చే పత్తిలో గింజ, దూది కలిసి ఉంటాయి. మిల్లులో వాటిని విడదీస్తారు. వంద కిలోల పత్తి వేస్తే సుమారు మూడో వంతు దూది వస్తుంది, మిగతాది గింజలు, కొంచెం చెత్త. ఆ దూదిని నొక్కి 170 కిలోల బేళ్ళు కడతారు. వందకి ఎంత దూది వచ్చిందన్నదే మిల్లుకి ప్రాణం. దాన్ని మనం దూది శాతం అందాం.

మన మిల్లులో నవంబరులో దూది శాతం 32.4 ఉంది. ఓనరు గారు పిలిచారు. మీరు డిసెంబరంతా అక్కడే ఉండి పని చేశారు. జనవరిలో 34.3 వచ్చింది. ఇక కేస్ స్టడీ రాయడానికి కూర్చున్నారు. చెయ్యి దానంతట అదే ఏం రాస్తుందో తెలుసా? "మా సలహాతో రెండు నెలల్లో దూది ఉత్పత్తి దాదాపు 6 శాతం పెరిగింది." కూడికలు తీసివేతలు చూస్తే తప్పేం లేదండి. 32.4 మీద 1.9 అంటే 5.9 శాతమే. ఓనరు గారు కూడా సంతకం పెడతారు. కానీ ఆ వాక్యంలో ఎక్కువ భాగం మీ పని కాదు, ఎండ చేసిన పని.

ఎలాగో చూద్దాం. నవంబరులో పత్తి ఎలా ఉంటుంది? మంచు, మధ్యలో తుపాను వానలు, చేలోనే తడిసిన పత్తి. సీసీఐ వాళ్ళు కొనేటప్పుడు మీటరు పెట్టి తేమ చూస్తారు కదా. 8 శాతం దాకా పూర్తి ధర, అక్కడినుంచి 12 దాకా తేమని బట్టి కోత, 12 దాటితే తీసుకోరు. రైతు ఇంట్లో ఆ 8, 12 అనే మాటలు ఎన్నిసార్లు వినపడతాయో మనకి తెలుసు. నవంబరు పత్తి 12 దగ్గర ఉందనుకోండి, జనవరి పత్తి ఎండి 8 దగ్గర ఉందనుకోండి.

12 శాతం తేమ ఉన్న వంద కిలోల పత్తిలో నీళ్ళు 12 కిలోలు, అసలు సరుకు 88 కిలోలు. అదే పత్తి ఎండి 8 శాతానికి వస్తే ఎంత బరువు తూగుతుంది? 88ని 0.92తో భాగించండి, 95.65 కిలోలు. అంటే నాలుగు కిలోల పైచిలుకు గాలిలో కలిసిపోయింది. ఎవరూ దొంగిలించలేదు, ఏ మిషనూ పాడవలేదు. ఇప్పుడు ఎండిన పత్తికి 34 శాతం దూది ఇచ్చే మిల్లే ఉందనుకుందాం. తడి పత్తి వంద కిలోలు కాటా వేసి లోపలికి పంపితే, చివర్లో వచ్చేది 95.65లో 34 శాతం, అంటే 32.5 కిలోలే. రిజిస్టర్లో 32.5 అని పడుతుంది. జనవరిలో ఏమీ చెయ్యకుండా కూర్చున్నా అది 34 అవుతుంది. ఒకటిన్నర పాయింటు ఊరికే వచ్చేసింది.

పత్తిలో గింజా దూదీ ఒకేలా ఆరవు, అందుకని ఈ లెక్క గ్రాముకి గ్రాము సరిపోదు. కానీ ఏ వైపు ఎంత మోసం జరుగుతుందో తెలియడానికి ఇది చాలు.

మన మిల్లు నవంబరు అంకెని ఇలాగే సర్దుదాం. 32.4ని 0.9565తో భాగిస్తే 33.9 వస్తుంది. అంటే నవంబరు పత్తి కూడా 8 శాతం తేమతో వచ్చి ఉంటే దూది శాతం 33.9 ఉండేది. జనవరిది 34.3. తేడా 1.9 కాదు, 0.4. పదివేల క్వింటాళ్ళ పత్తి ఆడే మిల్లుకి ఇది ఎంతో చూడండి. 1.9 పాయింట్లంటే 190 క్వింటాళ్ళ దూది, దాదాపు 112 బేళ్ళు. 0.4 అంటే 40 క్వింటాళ్ళు, దాదాపు 24 బేళ్ళు. కేస్ స్టడీ చదివి పక్క మిల్లు ఓనరు మిమ్మల్ని పిలిచి ఫీజు ఇస్తాడు. ఆయన 112 బేళ్ళ మీద ఆశ పెట్టుకుని ఇస్తాడు, మీరు 24 బేళ్ళ పని చేసి వస్తారు. అదీ ఆయన మిమ్మల్ని డిసెంబరులో పిలిస్తే. ఫిబ్రవరిలో పిలిచాడనుకోండి, అప్పటికే పత్తి ఎండిపోయి ఉంటుంది, ఎండ చేసే సాయం ఇక ఉండదు. అప్పుడు ఆయనకి మీరు చూపించడానికి ఏమీ మిగలదు. ఈ ఊళ్ళో మిల్లుల వాళ్ళందరూ ఒకరికొకరు తెలిసినవాళ్ళే అని నేను వేరే చెప్పక్కర్లేదు.

అందుకని కేస్ స్టడీలో మొదటి భాగం, అంటే సమస్య, అక్కడే ఫలితం సగం తేలిపోతుంది. చాలామంది సమస్యని కథలా రాస్తారు. "మిల్లు తీవ్ర నష్టాల్లో ఉంది, యాజమాన్యం దిక్కుతోచని స్థితిలో ఉంది" అని. సినిమాకైతే బాగుంటుంది. కేస్ స్టడీలో సమస్య అంటే ఒక అంకె, ఆ అంకె ఏ తేదీల మధ్యది, ఎక్కడినుంచి తీసుకున్నది, ఏ పరిస్థితిలో కొలిచింది. మన మిల్లుకి ఇలా రాయొచ్చు: "నవంబరు నెలలో కాటా చీటీలు, బేళ్ళ రిజిస్టరు ప్రకారం దూది శాతం 32.4. ఆ నెల వచ్చిన పత్తి సగటు తేమ 12 శాతం. 8 శాతం తేమకి సర్దితే 33.9." మూడు వాక్యాలు. ఇది మీరు పని మొదలుపెట్టకముందే రాసి ఓనరు గారికి వాట్సాప్‌లో పంపేయండి. తర్వాత ఎవరూ మార్చడానికి ఉండదు, మీరు కూడా.

తేమ కొలవకుండా ఉంటే? చాలా మిల్లుల్లో కొనేటప్పుడు మీటరు పెడతారు కానీ, లాట్ వారీగా రాసి ఉంచరు. అలాంటప్పుడు నవంబరు అంకె మీకు పనికిరాదు. దాన్ని పక్కన పెట్టేసి, మీరు వచ్చిన రోజు నుంచి కొలిచి, ఆ అంకె నుంచే కథ మొదలుపెట్టాలి. కష్టంగానే ఉంటుంది, ఎందుకంటే ఆ నవంబరు 32.4 చూడటానికి చాలా అందంగా ఉంటుంది.

ఇక రెండో భాగం, ఏం చేశాం అన్నది. ఇక్కడ "సమగ్ర విధానంతో ప్రక్రియలను మెరుగుపరిచాం" లాంటి మాటలు రాస్తే చదివేవాడికి ఏం దొరకదు. మన దగ్గర ఎక్కువగా ఉండేవి డబుల్ రోలర్ జిన్నులు. రెండు రోలర్లకి తోలు బిళ్ళలు తొడిగి ఉంటాయి, వాటి మీద గాట్లు కోసి ఉంటాయి. ఆ గాట్లు దూదిని పట్టుకుని లాగుతాయి, కత్తి దగ్గర గింజ ఆగిపోతుంది. గాట్లు అరిగితే పట్టు పోతుంది. కత్తి సరిగ్గా ఆనకపోయినా అంతే. అప్పుడు గింజకి దూది అంటుకునే కిందపడిపోతుంది, నూనె మిల్లుకి వెళ్ళిపోతుంది. మీరు చేసింది ఏంటంటే, 24 జిన్నుల్లో 12 జిన్నులకి రోలర్ల గాట్లు మళ్ళీ కోయించారు, కత్తుల అమరిక సరిచేయించారు, ఇక మీదట ఏ జిన్నుకి ఎప్పుడు చేశారో ఫిట్టరు చేత నోటుబుక్కులో రాయించడం మొదలుపెట్టారు. దాన్ని అలాగే రాయండి. చదివిన ఇంకో ఫిట్టరు "ఆఁ, అర్థమైంది" అనాలి.

పన్నెండే ఎందుకు చేశారు, అన్నీ చేయొచ్చు కదా అంటారా? అసలు కిటుకు అక్కడే ఉంది. మిగతా పన్నెండు పాత పద్ధతిలోనే కొన్ని రోజులు నడవాలి. ఒకే రోజు, ఒకే కుప్పలోంచి ఇరవై క్వింటాళ్ళ పత్తి తీసి, పది క్వింటాళ్ళు బాగుచేసిన జిన్నులకి, పది క్వింటాళ్ళు పాతవాటికి వేయండి. రెండిటికీ తేమ ఒకటే, రకం ఒకటే, తీత ఒకటే, రైతు ఒకడే. ఇప్పుడు వచ్చే తేడాలో ఎండ లేదు, వాన లేదు. ఒకసారి చేసి వదిలేయకండి, వేరే వేరే రోజుల్లో ఐదుసార్లు చేయండి. మన ఊహా మిల్లులో తేడాలు 0.1, 0.4, 0.3, 0.5, 0.2 వచ్చాయి అనుకుందాం. సగటు 0.3 పాయింట్లు. ఇందాక తేమ సర్ది చూస్తే వచ్చింది 0.4. అందులో మిగతాది జనవరి పత్తి కొంచెం మంచి రకం కావడం వల్ల కావొచ్చు, ఇంకేదైనా కావొచ్చు. మీది 0.3.

ఇక్కడ ఒక చిన్న సంగతి, చాలామందికి తట్టదు. పది క్వింటాళ్ళంటే వెయ్యి కిలోలు. వెయ్యి కిలోల్లో 0.3 శాతం అంటే మూడు కిలోలు. లారీలు తూచే వేబ్రిడ్జి మీద అంకె ఐదు కిలోలో పది కిలోలో చొప్పున మారుతుంది. దాని మీద మూడు కిలోల తేడా కనపడనే కనపడదు. ఈ పరీక్షకి చిన్న ప్లాట్‌ఫారం కాటా వాడాలి, వంద గ్రాముల తేడా చూపించేది. అలాగే మొదటి సగం అయ్యాక లైను ఆపి, పైపుల్లో, కన్వేయర్ మీద మిగిలిన దూది దులిపి, అప్పుడే రెండోది మొదలుపెట్టాలి. లేకపోతే ఇటు దూది అటు పోయి మీ మూడు కిలోలు ఎటో కొట్టుకుపోతాయి.

ఇంకో సాక్ష్యం కూడా దగ్గర పెట్టుకోండి. రెండు రకాల జిన్నుల కింద నుంచి గుప్పెడు గుప్పెడు గింజలు తీసి, అంటుకున్న దూది ఒలిచి తూచండి. బాగుచేసిన జిన్ను గింజల మీద దూది తక్కువ ఉందంటే, పెరిగిన దూది ఎక్కడినుంచి వచ్చిందో తెలిసిపోయింది. దూది శాతం పెరిగింది కానీ గింజల మీద దూది ఏమీ తగ్గలేదంటే, మీ పని వల్ల కాదు, ఇంకేదో కారణం ఉంది. అప్పుడు రాయడం ఆపి వెతకాలి.

ఇలా సగం మార్చి సగం వదిలేయడం నేను కనిపెట్టింది కాదండి. బట్టల మిల్లుల మీదే చాలా పేరున్న అధ్యయనం ఒకటి ఉంది. ముంబై దగ్గరి నేత మిల్లుల్లో 2008లో మొదలైంది. నికొలస్ బ్లూమ్ అనే ఆర్థికవేత్త, ఆయన సహచరులు, ప్రపంచ బ్యాంకు వాళ్ళు కలిసి చేశారు. 17 కంపెనీలు, 20 ప్లాంట్లు. ఒక అంతర్జాతీయ కన్సల్టింగ్ సంస్థని పెట్టి 14 ప్లాంట్లకి ఒక నెల పరిశీలన, ఆ తర్వాత నాలుగు నెలలు దగ్గరుండి మార్పులు చేయించారు. మిగతా 6 ప్లాంట్లకి ఆ ఒక నెల పరిశీలన మాత్రమే. ఎందుకు? పోల్చుకోవడానికి. మొదటి ఏడాదిలో ఉత్పాదకత 17 శాతం పెరిగిందని 2013లో పేపరు వేశారు. ఆ 17 వెనక బలం ఎక్కడుందంటే, ఏమీ మార్పించని ఆరు ప్లాంట్లలో ఉంది. వాటి కోసం కూడా డబ్బు ఖర్చుపెట్టి, లెక్కలు తీశారు.

వాళ్ళు ఇంకోటి కూడా చేశారు. దాదాపు తొమ్మిదేళ్ళ తర్వాత మళ్ళీ ఆ ప్లాంట్లకి వెళ్ళారు. అలవాటు చేసిన పద్ధతుల్లో సుమారు సగం వదిలేసి ఉన్నారు. అయినా సాయం అందిన ప్లాంట్లకీ, అందనివాటికీ తేడా ఇంకా కనపడింది. రెండూ రాశారు. సగం వదిలేశారు అని రాసినందుకు ఆ అధ్యయనం విలువేమీ తగ్గలేదు, ఇవాళ్టికీ దాన్నే ఉదాహరణగా చెప్తున్నారు. మీ కేస్ స్టడీలో కూడా "మార్చి నాటికి నోటుబుక్కు రాయడం ఆగిపోయింది" అని ఒక వాక్యం ఉంటే ఉండనివ్వండి.

మన రాష్ట్రంలో బాగా తిరిగిన కేస్ స్టడీ కూడా ఒకటి చెప్తా. 2016 ఖరీఫ్‌లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి 175 మంది వేరుశనగ రైతులకి ఎప్పుడు విత్తాలో ఫోన్ మెసేజ్‌ల ద్వారా చెప్పాయి. పాత వాతావరణ లెక్కలు చూసి విత్తే తేదీ చెప్పడం అన్నమాట. సగటున దిగుబడి 30 శాతం పెరిగిందని ప్రకటించారు. ఆ తర్వాతి ఏడాది మూడు వేల మందికి పైగా రైతులకి, ఇంకా కొన్ని పంటలకి పెంచారు. అప్పుడు వచ్చిన అంకె 10 నుంచి 30 శాతం. మీరు నెట్‌లో చూస్తే అందరి నోటా ఆ 30 ఒక్కటే వినిపిస్తుంది. నాకైతే రెండో అంకె ఎక్కువ నచ్చుతుంది. పంట మారితే, ఊరు మారితే ఫలితం ఎంత మారుతుందో అది చెప్తుంది. ఒక రైతు ఇవి చదివి నిర్ణయం తీసుకోవాలంటే 30 కంటే ఆ 10 ముఖ్యం. కేస్ స్టడీ చదివేటప్పుడు కూడా ఇవే ప్రశ్నలు అడగండి: ఎవరితో పోలిస్తే, ఏ సీజనులో, ఎంతమందికి, తక్కువలో తక్కువ ఎంత.

అందుకని మూడో భాగం, ఫలితం, ఇలా రాయమంటాను. మన మిల్లుదే చదువుతున్నా వినండి.

"బాగుచేసిన 12 జిన్నులకీ, చేయని 12 జిన్నులకీ ఒకే కుప్ప పత్తి వేసి జనవరిలో ఐదుసార్లు పోల్చాం. బాగుచేసినవాటిలో దూది శాతం సగటున 0.3 పాయింట్లు ఎక్కువ వచ్చింది. ఐదుసార్లలో తక్కువ 0.1, ఎక్కువ 0.5. ఇదే తేడా నిలబడితే పదివేల క్వింటాళ్ళ పత్తికి దాదాపు 18 బేళ్ళు అదనం. నవంబరు, జనవరి నెలల మధ్య రిజిస్టర్లో కనిపించే 1.9 పాయింట్ల తేడాలో ఎక్కువ భాగం పత్తిలో తేమ తగ్గడం వల్ల వచ్చింది. తడి పత్తి మీద ఈ పరీక్ష ఇంకా చేయలేదు."

"నిలబడితే" అన్న మాట కావాలనే పెట్టాను. ఐదు పరీక్షల నుంచి సీజను మొత్తానికి వెళ్తున్నాం కదా, ఆ దూకుడు చదివేవాడికి కనపడాలి. అలాగే పాయింట్లు అని రాశాను, శాతం అని రాయలేదు. 34 నుంచి 34.3కి వెళ్తే 0.3 పాయింట్లు. దాన్నే "దాదాపు 1 శాతం పెరిగింది" అని కూడా అనొచ్చు, లెక్క తప్పు కాదు, కానీ చదివేవాడు 34 కాస్తా 35 అయ్యిందనుకుంటాడు.

డబ్బుల్లో రాయమని ఓనరు గారు అడుగుతారు. రాయండి, కానీ ముందుకీ తర్వాతకీ ఒకే ధర వేసి రాయండి. దూది రేటు రెండు నెలల్లో పెరిగితే ఆ పెరుగుదల మీ ఖాతాలో పడకూడదు. ఇంకోటి, నెల లాభాన్ని పన్నెండుతో గుణించి ఏడాది లాభం అని వేసేవాళ్ళని చూశాను. గిన్నింగ్ మిల్లు వేసవిలో మూతపడుతుందండి. మూసి ఉన్న నెలల్లో లాభం ఎక్కడినుంచి వస్తుంది? గుణిస్తే క్వింటాళ్ళతో గుణించండి, నెలలతో కాదు. గాట్లు కోయించడానికి, కొత్త బిళ్ళలకి, లైను ఆపిన గంటలకి అయిన ఖర్చు కూడా పక్కనే వేయండి, మీ ఫీజుతో సహా.

మీరున్న ఆ డిసెంబరులోనే మిల్లులో ఇంకేదైనా మారిందా అన్నది కూడా రెండో భాగంలో ఒక లైను ఉండాలి. కొత్త ఫిట్టరు చేరాడు, ఓనరు గారు తడి పత్తి కొనడం ఆపేశారు, ఇలాంటివి. వాటిని దాచినా దాగవు, అక్కడ పనిచేసే వాళ్ళందరికీ తెలుసు.

చివరిగా పేరు సంగతి. కేస్ స్టడీ బయట పెట్టేముందు ఓనరు గారి అనుమతి రాతలో తీసుకోండి, ఫోన్లో "సరేలే బాబూ" అంటే సరిపోదు. పేరు వద్దంటే తీసేయండి. కానీ పేరు తీసేసి "చిలకలూరిపేట దగ్గర, హైవే పక్కన, 24 జిన్నులున్న, ఫలానా ఏడాది పెట్టిన మిల్లు" అని రాస్తే పేరు రాసినట్టే, టీ కొట్టు దగ్గర అడిగినా చెప్పేస్తారు. "పల్నాడు జిల్లాలో మధ్యస్థాయి గిన్నింగ్ మిల్లు" చాలు. దూది శాతం, తేమ, పరీక్షల అంకెలు మాత్రం మార్చొద్దు. పేరు దాచడానికి అంకెలు అటూ ఇటూ చేస్తే అది కేస్ స్టడీ కాదు. ఒకవేళ అంకెలు కూడా బయటికి వద్దని ఆయన అంటే, తేడా మాత్రమే ఇవ్వండి, 0.3 పాయింట్లు, ఐదు పరీక్షలు, 0.1 నుంచి 0.5 అని. దానికి సాధారణంగా ఎవరూ అడ్డు చెప్పరు.